ప్రోటాన్ ఎంత వేగంగా తిరిగినా చుట్టుకు పట్టే కాలం ఒకటే

1929లో ఎర్నెస్ట్ లారెన్స్ బర్కిలీలో ఒక జర్మన్ వ్యాసం తిరగేశారు. భాష అంతగా రాకపోయినా బొమ్మలు చూసి విషయం పట్టేశారు. అయాన్లను వరుసగా పేర్చిన గొట్టాల్లోంచి పంపుతూ, గొట్టానికీ గొట్టానికీ నడుమ విద్యుత్తుతో ఒక్కో తోపు తోస్తున్నారు. ఎక్కువ వేగం కావాలంటే గొట్టాల వరుస పెంచుకుంటూ పోవాలి. అదే అయాన్‌ను అయస్కాంతంతో వంచి, మళ్లీ మళ్లీ ఒకే చోటికి రప్పిస్తే?

అయస్కాంత బలం కణం వెళ్లే దిశకు ఎప్పుడూ అడ్డంగా, లంబంగా ఉంటుంది. కాబట్టి అది కణం వేగాన్ని పెంచదు, తగ్గించదు. దారిని మాత్రం వంచుతుంది. క్షేత్రం అంతటా సమానంగా ఉండి, కణం దానికి లంబంగా వెళుతుంటే వంపు కూడా అంతటా ఒకేలా ఉంటుంది. అంటే కణం వృత్తంలో తిరుగుతుంది. వృత్తంలో తిప్పడానికి కావలసిన బలం mv²/r, అయస్కాంతం ఇచ్చేది qvB. రెండూ సమానమని రాస్తే వ్యాసార్ధం తేలుతుంది:

r = mv/qB

ఒక టెస్లా క్షేత్రంలో సెకనుకు కోటి మీటర్ల వేగంతో వెళ్లే ప్రోటాన్‌ను తీసుకుందాం. దాని ద్రవ్యరాశి 1.67 × 10⁻²⁷ కిలోలు, ఆవేశం 1.6 × 10⁻¹⁹ కూలుంబులు.

r = (1.67 × 10⁻²⁷ × 10⁷) / (1.6 × 10⁻¹⁹ × 1) ≈ 0.104 మీటర్లు

అంటే పది సెంటీమీటర్ల పైచిలుకు. చుట్టుకొలత సుమారు 65.6 సెంటీమీటర్లు. దాన్ని వేగంతో భాగిస్తే ఒక చుట్టుకు 65.6 నానోసెకన్లు పడుతుంది.

వేగం రెట్టింపు చేస్తే వ్యాసార్ధమూ రెట్టింపవుతుంది, చుట్టూ రెట్టింపు పొడవవుతుంది. కాలం మాత్రం అదే 65.6 నానోసెకన్లు. T = 2πm/qB అనే సూత్రంలో వేగం ఊసే లేదు. పాఠ్యపుస్తకాలు దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తాయి గానీ, లారెన్స్ యంత్రం మొత్తం నిలబడింది దీని మీదే. కణం ఏ వృత్తంలో ఉన్నా ఒకే లయలో తిరుగుతుంది కనుక, వోల్టేజి దిశను అదే లయలో మారుస్తూ ఉంటే చాలు, ప్రతి చుట్టులోనూ తోపు తగులుతుంది. మన ప్రోటాన్‌కైతే ఆ లయ సెకనుకు సుమారు కోటీ 52 లక్షల సార్లు. 1931 జనవరిలో లారెన్స్ శిష్యుడు లివింగ్‌స్టన్, అరచేతిలో పట్టేంత సైక్లోట్రాన్‌లో రెండు వేల వోల్టుల లోపు వోల్టేజితోనే హైడ్రోజన్ అయాన్లకు 80 వేల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి అందించాడు.

అయితే సూత్రంలో m ఉంది. వేగం బాగా పెరిగితే, సాపేక్షత ప్రకారం కణం మరింత బరువైనట్టు ప్రవర్తిస్తుంది. రెండు కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ప్రోటాన్‌కు ఈ పెరుగుదల రెండు శాతం పైనే. ప్రతి చుట్టుకూ అంత ఆలస్యం పోగవుతుంది. పన్నెండు చుట్లకు కణం పావు చుట్టు వెనకబడి తోపు అందుకోలేదు. ఆపైన ముందుకు తోయాల్సిన వోల్టేజే వెనక్కి లాగుతుంది. వృత్తం పెరగడం ఆగి మళ్లీ కుంచించుకుపోతుంది. అందుకే తరవాతి యంత్రాల్లో కొన్ని, కణం బరువెక్కే కొద్దీ వోల్టేజి లయను నెమ్మదింపజేస్తాయి. మరికొన్ని అంచుల వైపు అయస్కాంత క్షేత్రాన్నే పెంచుకుంటూ పోతాయి.