నాన్నగారి లాగిన్ల నోట్‌బుక్

పెద్దవాళ్లు ఖాతా తెరవలేకపోతే పాస్‌వర్డ్ మరిచిపోయారనుకుంటాం. ఓటీపీ ఎప్పుడో మానేసిన పాత నంబరుకు వెళ్తుండటమూ కారణం కావచ్చు.

ఒక నోట్‌బుక్‌లో ఖాతాకో పేజీ ఇవ్వండి. నాన్నగారి జీమెయిల్ పేజీలో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, దాన్ని మార్చిన తేదీ, ఓటీపీ వచ్చే నంబరు పెద్ద అక్షరాల్లో రాయాలి. పాస్‌వర్డ్ మారిస్తే పాతది కొట్టేయాలి. లేదంటే ఏది సరైనదో తెలియక తికమకపడతారు. యూపీఐ, ఏటీఎం పిన్‌లు మాత్రం అందులో వద్దు. నోట్‌బుక్ బీరువాలోనే ఉండాలి.

నమ్మకమైన కూతురి నంబరును జీమెయిల్‌లో రికవరీ ఫోన్‌గా పెడితే, నాన్నగారి ఫోన్ పోయినా ఖాతా తిరిగి పొందే దారి ఉంటుంది. ఆమె నంబరు మారితే అక్కడా మార్చాలి, ఇదే అందరూ వదిలేసే పని.

‘ఎవరైనా ఓటీపీ అడిగితే ఫోన్ పెట్టేసి అమ్మాయికి చెయ్యాలి’ అని మొదటి పేజీలో రాయండి. కిందనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930 కూడా రాసిపెట్టండి.