ఎప్పుడు లేచినా అదే లెక్క

1754లో వెనిస్ నగరంలో కార్నివాల్ జరుగుతున్న రోజులు. రిడొట్టో అనే జూదశాలలో జాకోమో కాసనోవా పేక పందేలు కాస్తున్నాడు. ఓడిన ప్రతిసారీ తర్వాతి పందెం రెట్టింపు చేయడం అతని పద్ధతి. ఎన్నిసార్లు ఓడినా ఒక్కసారి గెలిస్తే చాలు, పోయిందంతా తిరిగొచ్చి మొదటి పందెమంత లాభం మిగులుతుంది. కొన్నాళ్లు అలాగే జరిగింది. తర్వాత అదృష్టం తిరగబడింది. చేతిలో చిల్లిగవ్వ లేకుండా పోయింది, చివరికి ప్రియురాలి వజ్రాలు కూడా అమ్మాల్సి వచ్చింది. ఈ సంగతంతా అతనే తన స్వీయచరిత్రలో రాసుకున్నాడు.

ఆ రెట్టింపు పద్ధతిని అప్పటి జూదగాళ్లు ‘మార్టింగేల్’ అనేవారు. 1939లో జాన్ విల్ అనే ఫ్రెంచి గణితవేత్త తన పరిశోధన గ్రంథంలో ఆ మాటను గణితంలోకి తెచ్చాడు. తర్వాత అమెరికన్ గణితవేత్త జోసెఫ్ డూబ్ దాని చుట్టూ ఒక సిద్ధాంతాన్నే కట్టి, 1953లో వెలువడిన తన పుస్తకంలో విస్తారంగా వివరించాడు. కాసనోవా ఎక్కడ దెబ్బతిన్నాడో చూపించేది ఆ సిద్ధాంతమే.

మోసం లేని ఒక నాణేన్ని తీసుకుందాం. బొమ్మ పడితే కాసినంత వస్తుంది, బొరుసు పడితే కాసినంత పోతుంది. ఆటగాడి దగ్గర ప్రస్తుతం 30 రూపాయలున్నాయి, ఒక రూపాయి కాశాడు. తర్వాత అతని దగ్గర ఉండేది 31 లేదా 29. రెండింటికీ సమానావకాశం కాబట్టి సగటు 30. రూపాయికి బదులు పది కాసినా 40, 20ల సగటు 30 దగ్గరే నిలుస్తుంది. అప్పటిదాకా జరిగినదంతా తెలిసినవాడు రాబోయే సొమ్మును సగటున లెక్కగడితే ఇప్పుడు చేతిలో ఉన్న సొమ్మే వచ్చే ఆటను గణితంలో మార్టింగేల్ అంటారు. వరుసగా అయిదు బొరుసులు పడ్డాయి కదా, ఇక బొమ్మ తప్పదు అనుకునేవాడికి ఇక్కడ చోటు లేదు. ఆ అయిదింటినీ లెక్కలోకి తీసుకున్నా సగటు కదలదు. సొమ్ము మారదని దీని అర్థం కాదు. సొమ్ము ప్రతి ఎగరవేతకూ మారుతూనే ఉంటుంది, మారనిది సగటు ఒక్కటే.

అయితే జూదగాడి చేతిలో ఇంకో ఆయుధం ఉంది. ఎప్పుడు లేచి వెళ్లాలో అతని ఇష్టం. లాభంలో ఉన్నప్పుడే లేస్తే? కాసనోవా పద్ధతి సారం అదే: గెలిచేదాకా కూర్చో, గెలవగానే లేచిపో. దీన్ని అంకెల్లో పెట్టి చూద్దాం. ఒక రూపాయితో మొదలుపెట్టి 2, 4, 8 అంటూ రెట్టింపు చేస్తూ పోతే పదో పందెం 512 రూపాయలవుతుంది. పది పందేలకూ కలిపి 1,023 రూపాయలు కావాలి. ఆటగాడి దగ్గర సరిగ్గా అంతే ఉందనుకుందాం. పదిసార్లూ బొరుసే పడే అవకాశం 1,024లో ఒకటి. మిగతా 1,023 సందర్భాల్లో అతను ఒక రూపాయి లాభంతో నవ్వుకుంటూ ఇంటికి వెళతాడు. ఆ ఒక్క సందర్భంలో 1,023 రూపాయలూ పోతాయి. లాభం 1,023 సార్లు ఒక్కో రూపాయి, నష్టం ఒక్కసారి 1,023. తూకం అణువంత కూడా అటూ ఇటూ కాలేదు. రెట్టింపు పద్ధతి నష్టాన్ని తీసేయలేదు, అరుదుగా వచ్చే ఒక పెద్ద దెబ్బగా ముద్ద చేసి దాచింది. మొదట్లో రోజూ గెలిచిన కాసనోవాకు ఆ దెబ్బ కనబడకపోవడంలో ఆశ్చర్యమేమీ లేదు.

డూబ్ పేరుతో ఉన్న ఆపుదల సిద్ధాంతం చెప్పేది ఇదే. న్యాయమైన ఆటను ఏ నియమం ప్రకారం ఆపినా, ఆపిన క్షణంలో ఉండే సొమ్ము సగటు మొదట ఉన్న సొమ్ముకు సమానం. దీనికి షరతులున్నాయి. ఆపాలన్న నిర్ణయం అప్పటిదాకా చూసినదాని మీదే ఆధారపడాలి, రాబోయే నాణెం ముందే తెలిసి ఉండకూడదు. అలాగే ఆటకు ఏదో ఒక హద్దు ఉండాలి: ఇన్ని పందేల లోపు ఆట ముగియాలి, లేదా ఆట ఎప్పటికైనా ముగియడం ఖాయమై, అప్పటిదాకా సొమ్ము రెండు గట్ల మధ్యే తిరుగుతుండాలి.

ఈ హద్దు షరతు ఎందుకో తెలియాలంటే దాన్ని తీసేసి చూడాలి. ఒకడికి ఎంతైనా అప్పు పుడుతుంది, ఎన్నాళ్లయినా కూర్చునే ఓపిక ఉంది. రూపాయి చొప్పున కాస్తూ, ఒక్క రూపాయి లాభంలోకి రాగానే లేచిపోతాడు. అతను ఎప్పటికైనా గెలిచి తీరతాడు, ఇది గణితం రుజువు చేసిన మాట. సున్నాతో మొదలుపెట్టి ఖాయంగా ఒక రూపాయి సంపాదించాడు కాబట్టి సిద్ధాంతం ఇక్కడ పనిచేయలేదు. కానీ ఆ ‘ఎప్పటికైనా’ ఎంత దూరమో చూడాలి. వందసార్లు నాణెం ఎగరేశాక కూడా ఆ రూపాయి చేతికి రాని అవకాశం 8 శాతం. పదివేలసార్లు ఎగరేశాక కూడా 0.8 శాతం మిగిలే ఉంటుంది. పట్టే సగటు ఎగరవేతల సంఖ్య అనంతం, ఈలోగా అప్పు ఎంత లోతుకైనా దిగవచ్చు. అప్పుకు 99 రూపాయలని ఒక హద్దు పెట్టగానే సిద్ధాంతం మళ్లీ పట్టు బిగిస్తుంది. అప్పుడు గెలిచే అవకాశం వందలో 99, ఓడితే పోయేది 99 రూపాయలు.

ఈ సిద్ధాంతం అత్యాశను ఖండించడానికే పనికొస్తుందనుకుంటే పొరపాటు. కష్టమైన లెక్కలను రెండు పంక్తుల్లో తేల్చడం దాని అసలు బలం. 30 రూపాయలతో కూర్చున్నవాడు రూపాయి చొప్పున కాస్తూ, వంద చేరితే లేద్దామనుకున్నాడు. అంతకుముందే సున్నాకు వస్తే ఎలాగూ లేవాల్సిందే. వంద చేరే అవకాశం ఎంత? దారులన్నీ ఏరి లెక్కపెట్టనక్కర్లేదు. ఆట ముగిసేసరికి ఉండేది వందో సున్నానో, సగటు మాత్రం 30 కావాలి. వందను ఏ అవకాశంతో గుణిస్తే 30 వస్తుందో అదే జవాబు: 30 శాతం. ఒక్కో రూపాయి కాసినా, ఉన్నదంతా ఒకేసారి ఒడ్డినా న్యాయమైన నాణెం దగ్గర ఈ జవాబు మారదు.

ఈ ఆట ఎంతసేపు సాగుతుందన్నది ఇంకా సరదా లెక్క. ఈసారి సొమ్మును కాక సొమ్ము వర్గాన్ని గమనించాలి. 30 వర్గం 900. ఒక్క పందెం తర్వాత అది 31 వర్గమైన 961 కావచ్చు, 29 వర్గమైన 841 కావచ్చు. రెండింటి సగటు 901. 30కి బదులు ఏ సంఖ్య తీసుకున్నా అంతే, ప్రతి పందేనికీ వర్గం సగటున ఒకటి పెరుగుతుంది. కాబట్టి వర్గంలోంచి పందేల సంఖ్య తీసేస్తే వచ్చేది మళ్లీ మార్టింగేలే. ఆట ముగిసేసరికి వర్గం 30 శాతం అవకాశంతో పదివేలు, లేకపోతే సున్నా, అంటే సగటున 3,000. మొదట 900 ఉంది. తేడా 2,100. ఆట సగటున పట్టే పందేలు అన్ని. ముప్పై రూపాయల ఆట రెండువేల పందేలు దాటి సాగడం చాలామందికి నమ్మబుద్ధి కాదు.

ఇక న్యాయం కాని ఆట. యూరప్ రౌలెట్ చక్రంలో 37 గళ్లుంటాయి: 18 ఎరుపు, 18 నలుపు, ఒకటి ఆకుపచ్చ సున్నా. ఎరుపు మీద కాస్తే గెలిచే గళ్లు 18, ఓడే గళ్లు 19. కాసిన ప్రతి రూపాయికీ సగటున ముప్పై ఏడో వంతు, దాదాపు 2.7 పైసలు, జూదశాల ఉంచుకుంటుంది. తేడా ఒక్క గడే కాబట్టి, 30ని వంద చేసే అవకాశం 30 శాతం నుంచి ఏ 27కో తగ్గుతుందని అనిపిస్తుంది.

దీని అసలు జవాబుకు లండన్‌లో స్థిరపడిన ఫ్రెంచివాడు అబ్రహాం డి మువావ్రా 18వ శతాబ్దం మొదట్లోనే ఒక చక్కని ఉపాయం పట్టాడు. ఆటగాడి నాణేలను ఒకదానిమీద ఒకటి పేర్చి, ప్రతి నాణేనికీ దాని కింది నాణెం కంటే 19/18 రెట్లు ఎక్కువ విలువ ఉందని ఊహించాలి. ఆటగాడు ఎప్పుడూ తన పైనాణేన్నే ఒడ్డుతాడు, గెలిస్తే దాని పైన పేర్చాల్సిన నాణెం వస్తుంది. పోయేదాని విలువ 18 అనుకుంటే వచ్చేదాని విలువ 19. గెలిచే గళ్లు 18, ఓడే గళ్లు 19. పద్దెనిమిది పంతొమ్మిదులూ పంతొమ్మిది పద్దెనిమిదులూ ఒకటే కాబట్టి ఈ ఊహావిలువల్లో ఆట న్యాయమైపోయింది! ఇక పాత లెక్కే. వంద నాణేల దొంతర విలువలో కింది ముప్పై నాణేల వాటా ఎంతో, వంద చేరే అవకాశం అంత. పైనాణేలు అంతకంతకూ బరువెక్కుతూ పోవడంతో కింది ముప్పై వాటా 1.8 శాతం దగ్గర ఆగుతుంది. ఒక్క ఆకుపచ్చ గడి 30 శాతాన్ని 2 శాతం లోపుకు నెట్టేసింది.

ఇదే చక్రం దగ్గర ఆటతీరు మారిస్తే ఫలితం మారుతుందా? న్యాయమైన నాణెం దగ్గర మారలేదు, ఇక్కడ మారుతుంది. రూపాయి చొప్పున కాకుండా, వందకు ఎంత తక్కువైతే అంత కాయాలి, చేతిలో అంత లేకపోతే ఉన్నదంతా ఒడ్డాలి. 30 కాసి గెలిస్తే 60, అప్పుడు 40 కాయాలి, ఓడితే 20 మిగులుతుంది, ఆ ఇరవైతో మళ్లీ పైకి రావాలి. ఈ దారిలో వంద చేరే అవకాశం 28.3 శాతం. ఇలాంటి ప్రతికూలమైన ఆటల్లో ఈ తెగింపును మించిన దారి లేదని లెస్టర్ డుబిన్స్, లెనార్డ్ శావేజ్ 1965లో వచ్చిన తమ పుస్తకంలో నిరూపించారు.

1.8 ఎక్కడ, 28.3 ఎక్కడ? ఈ తేడా ఎక్కడిదో ఆపుదల సిద్ధాంతమే చెబుతుంది. కాసిన మొత్తంలో ముప్పై ఏడో వంతు జూదశాలకు పోతుంది కాబట్టి, ఆ వాటాను ఆటగాడి సొమ్ముకు కలిపితే వచ్చేది మార్టింగేల్. తెగించి ఆడేవాడికి ఆట చివర సగటున మిగిలేది 28 రూపాయల 30 పైసలు. పోయిన రూపాయి డెబ్బై పైసలను 37తో గుణిస్తే, అతను మొత్తం మీద కాసింది సగటున 63 రూపాయలు. జాగ్రత్తగా రూపాయి రూపాయి కాసినవాడికి మిగిలేది సగటున ఒక రూపాయి 80 పైసలు. అదే లెక్క వేస్తే అతను చక్రం మీద పెట్టింది వెయ్యి రూపాయల పైచిలుకు.