వైవా మినిట్స్‌లో ఏం రాయాలి?

పీహెచ్‌డీ వైవా అయ్యాక చప్పట్లు, ఫొటోలు, టీ. డిగ్రీ మాత్రం ఆ గదిలో రాసిన మినిట్స్ మీద ఆధారపడుతుంది. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం, బయటి పరీక్షకులు ఇద్దరూ సిఫారసు చేస్తేనే వైవా జరుగుతుంది. ఒకరు తిరస్కరిస్తే థీసిస్ మరో పరీక్షకుడికి వెళ్తుంది. ఆయనా కాదంటే ఇక అంతే.

వైవా బోర్డులో గైడ్‌తో పాటు ఆ ఇద్దరిలో కనీసం ఒకరు ఉండాలి. చిక్కు వచ్చేది సవరణల దగ్గరే. నల్గొండ భూగర్భజలాల్లో ఫ్లోరైడ్‌పై ఒక థీసిస్ ఉందనుకుందాం. నమూనాలు వానలకు ముందు తీశారా, తర్వాతా అని పరీక్షకుడు అడిగాడు. అభ్యర్థి నోటితో చెప్పాడు, థీసిస్‌లో మాత్రం లేదు. మినిట్స్‌లో ‘సూచించిన సవరణలు చేయాలి’ అని రాసి ఊరుకుంటే రేపు ఎవరికీ ఏమీ గుర్తుండదు. ‘మూడో అధ్యాయం, రెండో పట్టికలో ప్రతి నమూనాకూ సేకరించిన నెల చేర్చాలి, గైడ్ సరిచూసి నెలలోగా ధ్రువీకరించాలి’ అని రాస్తే పని జరిగిందో లేదో చూడగానే తెలుస్తుంది. నెల చేర్చడం చిన్న పని. కొత్తగా నమూనాలు తీయాలంటే అది మళ్లీ పరిశోధనే. ఏది అడిగారో కాగితం చెప్పాలి.

చివరి వాక్యం నిర్ణయం. ‘సవరణల తర్వాత డిగ్రీకి సిఫారసు’ అన్నారా, షరతు లేకుండా అన్నారా చూసుకుని, సంతకాలకు ముందే అభ్యర్థి ఒకసారి చదివించుకోవడం మంచిది.