తెర మీది జడ ఎందుకు వణుకుతుంది?

వీడియో గేములో అమ్మాయి తల తిప్పితే జడ ఒక్క క్షణం వెనకబడి కదులుతుంది, అటూ ఇటూ ఊగి నిలుస్తుంది. ఆ ఊపును ఎవరూ ఫ్రేము ఫ్రేముగా గీయరు. జడ లోపల వరసగా కొన్ని ఎముకలు పెట్టి, వాటి కదలికను లెక్కకు వదిలేస్తారు. వీటిని స్ప్రింగ్ బోన్స్ అంటారు. తోకలూ, భుజాల మీంచి వేలాడే కేపులూ ఇలాగే కదులుతాయి. లెక్క కుదరకపోతే మాత్రం జడ ఉన్నచోటే వణుకుతుంది, లేదా జీడిపాకంలా సాగుతుంది.

2018లో జపాన్‌లో మొదలైన VRM అనే త్రీడీ పాత్రల ఫార్మాట్‌లో ఈ లెక్క చాలా తేటగా ఉంటుంది. 8 సెంటీమీటర్ల ఎముకలు ఆరింటితో చేసిన జడ అనుకుందాం. కిందటి ఫ్రేములో ఎముక కొన ఎటు జరిగిందో ఇప్పుడూ అటే కొంత జరుగుతుంది. అందులో ఎంత కోత పెట్టాలో `dragForce` చెబుతుంది. ఇదే డ్యాంపింగ్. 0.4 పెడితే ఫ్రేముకు 60 శాతం వేగమే మిగులుతుంది. ఆ తర్వాత `stiffness`, అంటే బిగువు, కొనను అసలు భంగిమ వైపు లాగుతుంది. చివరగా, పై కీలు నుంచి కొన ఎటువైపు ఉందో చూసి, ఆ దిక్కులోనే సరిగ్గా 8 సెంటీమీటర్ల దూరంలో దాన్ని నిలబెడతారు.

సాగడాన్ని ఆపేది ఈ చివరి పనే. జడ సాగుతోందని చాలామంది బిగువు పెంచుతారు. కానీ బిగువు భంగిమను కాపాడుతుంది, పొడవును కాదు. తల విసురుగా తిరిగినప్పుడు, పొడవు సరిదిద్దని లెక్కలో 8 సెంటీమీటర్ల ముక్క కాస్తా 11 అయిపోతుంది. సొంతంగా కోడ్ రాసుకునేవాళ్లు తల దగ్గర్నుంచి కొనదాకా వరసగా, అన్నిటికన్నా చివర పొడవు సరిచూడాలి. అలా చేస్తే జడ ఒక్కోసారి భుజంలోకి కొద్దిగా దిగవచ్చు. సాగిన జడ కంటే అది కంటికి తక్కువగా ఆనుతుంది.

బిగువుకు ఇంకో మెలిక ఉంది. `stiffness` 1 పెడితే, సెకనుకు 60 ఫ్రేముల వేగంలో ఆ లాగుడు ఫ్రేముకు దాదాపు 1.7 సెంటీమీటర్లు. 8 సెంటీమీటర్ల ఎముకకు అది ఐదో వంతు, కాబట్టి మెత్తగా ఊగుతుంది. జడ చివర 2 సెంటీమీటర్ల ఎముక ఉంటే లాగుడు దాదాపు దాని పొడవంత అవుతుంది, ఆ ముక్క బిగుసుకుపోతుంది. అందుకే కొన వైపు పోయేకొద్దీ బిగువు తగ్గించాలి.

ఇక వణుకు. దాన్ని చూడగానే డ్యాంపింగ్ పెంచితే వణుకుతో పాటు ఊపు కూడా చచ్చిపోతుంది. ముందు వణుకు ఎక్కడ, ఎప్పుడు వస్తోందో చూడాలి. పాత్ర కదలకుండా నిలబడినా భుజం దగ్గరే వణుకుతోందంటే అనుమానం కొలైడర్ మీదికి పోవాలి. జడ ఒంట్లోకి దూరకుండా అడ్డుపెట్టే కనిపించని గోళం అది. గోళం వ్యాసార్ధం 9 సెంటీమీటర్లు, జడ కీలు చుట్టూ `hitRadius` 2 అయితే, కీలు గోళం మధ్య నుంచి 11 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. అసలు భంగిమలోనే అది 9.5 దగ్గర ఉంటే బిగువు లోపలికి లాగుతుంది, గోళం బయటికి తోస్తుంది. ఫ్రేము ఫ్రేముకూ ఇదే తగువు. కొలైడర్‌ను ఆపి చూడండి. వణుకు ఆగితే గోళాన్ని కాస్త చిన్నది చేయాలి, లేదా జడ భంగిమను బయటికి జరపాలి.

ఒక ఫోనులో బాగుండి మరో ఫోనులో తేడా వస్తే తప్పు కాలం లెక్కలో ఉంటుంది. 0.4 కోత పడేది ఫ్రేముకు, సెకనుకు కాదు. ఐదు ఫ్రేములకు వేగంలో 8 శాతమే మిగులుతుంది. 60 ఫ్రేముల తెర మీద దానికి సెకనులో పన్నెండో వంతు చాలు, 30 ఫ్రేముల ఫోనులో రెట్టింపు కాలం పడుతుంది. గేము తడబడి ఫ్రేముల వేగం మారుతూ ఉంటే లాగుడు కూడా మారుతూ జడ అదురుతుంది. లెక్కను ఎప్పుడూ సెకనులో 60వ వంతు మెట్లలోనే నడిపి, ఫ్రేము ఆలస్యమైతే రెండు మెట్లు వేస్తే సరిపోతుంది. పాత్ర ఒక చోట మాయమై మరో చోట తేలినప్పుడు మాత్రం పాత స్థానాలను చెరిపేయాలి. లేకపోతే ఆ దూరమంతా వేగం కిందికి వచ్చి జడ ఎగిరిపోతుంది.

కేపు దగ్గర ఈ పద్ధతికి హద్దు కనిపిస్తుంది. పక్కపక్క గొలుసులకు ఒకదాని సంగతి ఒకదానికి తెలియదు, వాటి మధ్యలోంచి కాలు బయటికి వచ్చేస్తుంది. అడ్డంగా ముడులు వేస్తే ఒక ముడి పొడవు సరిచేయగానే పక్కది చెడుతుంది, అందుకే అదే సవరణ ఒకే ఫ్రేములో కొన్నిసార్లు తిప్పాలి. 2000లో వచ్చిన 'హిట్‌మ్యాన్' గేముకు థామస్ యాకబ్సన్ వాడింది ఈ ఉపాయమే. సవరణలు తగ్గిస్తే కేపు సాగుతుంది, పెంచితే ఫోనుకు భారం. ఇవన్నీ చక్కబెట్టాక `dragForce` ముట్టుకోండి. ఊపు ఎంతసేపు ఉండాలో తేల్చడానికే అది పనికొస్తుంది.