కూర్చున్న మనిషికి కూర్చున్న కొలతే

అమీర్‌పేట: మెట్రో స్టేషను దిగి మైత్రీవనం దాటి పక్క సందులోకి మళ్లితే, బట్టల దుకాణాల వెనక దర్జీల గదులు కనబడతాయి. ఈ మధ్య ఒక మధ్యాహ్నం అటువంటి గది ముందు చక్రాల కుర్చీ ఒకటి వచ్చి ఆగింది. గదికి రెండు మెట్లున్నాయి. కుర్చీ పైకెక్కదు. అందుకని మాస్టరే టేపు మెడలో వేసుకుని రోడ్డు మీదికి దిగివచ్చారు.

కుర్చీలో ఉన్నది నల్లగొండ జిల్లా నుంచి వచ్చిన గీత కార్మికుడు. ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. నాలుగేళ్ల కిందట మోకు జారి తాటిచెట్టు మీదినుంచి పడ్డాడు. వెన్నుపూస విరిగి, నడుము కింద స్పర్శ లేకుండా పోయింది. 1964లో ఎముకల ఆసుపత్రిగా మొదలై తరువాత నిమ్స్ అయిన పంజగుట్ట ఆసుపత్రికి పరీక్షకు వచ్చాడు. చూపించుకున్నాక, అమీర్‌పేట దగ్గరే కదా అని తల్లిని వెంటబెట్టుకుని ఇటు వచ్చాడు. పది రోజుల్లో చెల్లెలి పెళ్లి. నలుగురిలో కూర్చోవడానికి ఒక మంచి ప్యాంటు, చొక్కా కావాలి.

"మంచిది కొనలేక కాదయ్యా, ఏది తొడిగినా కూసుంటే పాడుగ కనపడ్తది. ముందట బుంగ లేస్తది, ఎన్క జారుతది" అని తల్లి చెప్పింది. అప్పుడు అతను వేసుకున్న రెడీమేడు ప్యాంటు చూస్తే ఆమె మాట నిజమే. పొట్ట కింద గుడ్డ ముద్దయి నిలబడింది. వెనక నడుం పట్టీ కిందికి జారి లోపలి బనీను బయటపడింది. కింద అంచులు పిక్కల దాకా లేచి, మూత్రం సంచీ గొట్టం కనిపిస్తున్నది. కుర్చీలో ఉన్నంతసేపూ ఒక చేత్తో చొక్కా కిందికి లాక్కుంటూనే ఉన్నాడు.

మాస్టరు నవ్వి, "తప్పు నీ ఒంటిది కాదు తమ్ముడూ, కటింగుది. నిలబడే మనిషికి కోసిన ప్యాంటు అది. నువ్వు లేవనక్కర్లేదు, ఎట్ల కూసుంటవో అట్లనే కూసో" అన్నారు.

వెనక జేబు చేసిన పని

కొలత తీసేముందు మాస్టరు ఆ పాత ప్యాంటు వెనక జేబుల గురించి అడిగారు. తల్లి ముఖం మారింది. రెండేళ్ల కిందట ఒక జీన్సు ప్యాంటు వేసుకుని పొద్దుటినుంచి రాత్రిదాకా బంధువుల ఇంట్లో కుర్చీలోనే ఉన్నాడట. వెనక జేబు మూలన ఉండే రాగిబొత్తాం లాంటి మేకు, దాని పక్క లావు కుట్టు పిర్రకు ఒత్తుకుంటూనే ఉన్నాయి. స్పర్శ లేదు గనుక తెలియలేదు. రాత్రి చూస్తే చర్మం మీద రూపాయి బిళ్లంత నల్లని మచ్చ. అది పుండై, లోతుకు దిగి, మానేసరికి అయిదు నెలలు పట్టింది. అయిదు నెలలూ బోర్లాయే పడుకున్నాడు.

మనం కుర్చీలో కూర్చుంటే బరువంతా పిర్రల కింద ఉండే రెండు ఎముకల మొనల మీద పడుతుంది. స్పర్శ ఉన్నవాళ్లం మనకు తెలియకుండానే క్షణానికోసారి అటూ ఇటూ కదులుతాం. స్పర్శ లేని మనిషికి ఆ కబురు మెదడుకు చేరదు. ఎముకకూ గట్టి కుట్టుకూ మధ్య చర్మం నలిగి, రక్తం ఆడక చచ్చిపోతుంది. కాబట్టి ఈ దుస్తుల్లో అందం సంగతి తరువాత. మొదటి నియమం, కూర్చునే చోట జేబు, మేకు, బొత్తాం, లావు కుట్టు ఏదీ ఉండరాదు.

టేపు ఎక్కడ పెట్టాలి

మాస్టరు కొలిచిన తీరు మన ఊరి దర్జీలు కూడా చేయగలిగిందే. మనిషి తన కుర్చీలోనే, రోజూ వాడే మెత్త మీదనే, మోకాళ్లు వంచి మామూలుగా కూర్చోవాలి. నడుం చుట్టూ ఒక నాడా కట్టాలి. ప్యాంటు ఎక్కడ నిలవాలో అక్కడ నాడా ఉంటుంది. మిగిలిన కొలతలన్నీ ఆ నాడా నుంచే.

అతని పాత ప్యాంటులో నడుం నుంచి కాళ్ల సందు దాకా ముందు 11 అంగుళాలు, వెనక 15 అంగుళాలు గుడ్డ ఉంది. నిలబడితే అది సరిపోతుంది. కూర్చుంటే ముందు భాగం మడతపడి చిన్నదవుతుంది, వెనక భాగం పిర్రల మీదుగా సాగి పొడవవుతుంది. అందుకే ముందు గుడ్డ మిగిలిపోయి బుంగ లేస్తుంది, వెనక చాలక జారుతుంది. మాస్టరు కొత్త కటింగులో ముందు 9 అంగుళాల చిల్లరకు తగ్గించి, వెనక పదిహేడున్నరకు పెంచారు. రెండూ కలిపితే పాతదానికి ఒక అంగుళం ఎక్కువ, అంతే. ఎక్కువ భాగం ముందునుంచి తీసి వెనక్కి ఇచ్చిన గుడ్డే.

నిలబెట్టి చూస్తే ఈ ప్యాంటు వింతగా, వెనక ఎత్తుగా ముందు పల్లంగా ఉంటుంది. కొక్కేనికి తగిలించినప్పుడు చూసి దర్జీ పొరపాటు చేశాడనుకోవద్దు.

పొడవు కొలవడానికి టేపును నడుం పక్కనుంచి తొడ మీదుగా తెచ్చి, మోకాలి చుట్టు తిప్పి, చీలమండ దాకా దింపారు. పాత ప్యాంటు 40 అంగుళాలైతే కొత్తది 42 వచ్చింది. మోకాలు వంగితే గుడ్డ పైకి లాక్కుంటుంది గనుక ఆ రెండు అంగుళాలూ అక్కడికే సరి. మరీ ఎక్కువిస్తే అంచు కాలిపెట్టె కిందికి వేలాడి ముందు చిన్న చక్రంలో పడుతుంది. బూటు మీద ఆగితే చాలు. నడుం చుట్టుకొలత కూడా కూర్చున్నప్పుడే తీశారు. పొట్ట పరుచుకుంటుంది గనుక పాత కొలతకు ఒకటిన్నర అంగుళం పెరిగింది. ఎలాస్టిక్ పెట్టమని తల్లి అడిగితే, పక్కల మాత్రం మూడేసి అంగుళాలు పెట్టారు. వెనక పెడితే ఆ ముడతలు కుర్చీ వీపుకూ నడుముకూ మధ్య ఒత్తుకుంటాయి.

జేబులు తొడ మీదికి వచ్చాయి, చేయి అందేలా. వెనక నడుమ ఉండే బెల్టు కొలికి తీసేశారు. బదులుగా నడుం పట్టీ లోపల రెండు పక్కలా వేలు దూరేంత గుడ్డ కొలుకులు కుట్టారు. పడుకుని ప్యాంటు ఎక్కించుకునేటప్పుడు వాటిని పట్టుకుని లాగవచ్చు. ముందు జిప్పు మామూలు ఏడంగుళాలకు బదులు పది అంగుళాలు. కుడికాలు లోపలి కుట్టులో పిక్క దగ్గర ఇంకొక చిన్న జిప్పు పెట్టారు. మూత్రం సంచీ ఖాళీ చేయడానికి ప్యాంటు పైకి మడవనక్కర్లేదు. గొట్టం మాత్రం తొడ కిందినుంచి పోకూడదు, పైనుంచే రావాలి. కింద పడితే గొట్టమూ మూసుకుంటుంది, చర్మమూ నలుగుతుంది.

గుడ్డకు మామూలుకన్నా పావు మీటరు ఎక్కువ పట్టింది. మాస్టరు ఎంచింది కొంచెం సాగే నూలు మిశ్రమం, ముదురు బూడిద రంగు. నున్నటి పాలియెస్టరు వద్దన్నారు. మెత్త మీదినుంచి మనిషి జారుతాడు, చెమటా పీల్చదు. మందపాటి జీన్సు గుడ్డ కుట్ల దగ్గర రాయిలా తయారవుతుంది.

పైన చొక్కా, ఆడవారి సంగతి

కూర్చున్న మనిషిలో ఎదుటివారి కంటపడేది ఛాతీ, తొడలు. చొక్కా నిలువు పొడవుంటే ఒడిలో కుప్ప పడుతుంది. అందుకే ముందు అంచు ఒడి మొదలయ్యే చోటికే ఆపి, వెనక అంచు మెత్తను తాకేంత మాత్రమే ఉంచారు. అంతకు మించితే మనిషి దాని మీదే కూర్చుంటాడు, ఆ ముడతే మళ్లీ ఒత్తుడు. చేతులతో చక్రం తిప్పుతాడు గనుక వీపు పైన భుజాల దగ్గర రెండు మడతలు వదులుగా ఇచ్చారు. చేతులు ముంజేతి సగానికే ఆపారు. నిండు చేతులైతే చక్రం మట్టి అంటుకుంటుంది. పెళ్లికని పైన నడుం దాకా వచ్చే నెహ్రూ కోటు ఒకటి. మోకాళ్ల దాకా వచ్చే షేర్వాణీ కన్నా ఇదే కూర్చున్నవాడికి దర్జాగా ఉంటుందని మాస్టరు అంటే, ఈ విలేఖరికి కూడా నిజమేననిపించింది.

ఆడవారికి ప్రమాదం చక్రంలో ఉంది. పమిటచెంగు, చున్నీ, చీర కుచ్చిళ్లు పెద్ద చక్రం పుల్లల్లో చిక్కుకుంటే మెడ లాగేస్తుంది. పంజగుట్ట, అమీర్‌పేట దుకాణాల్లో కుచ్చిళ్లు ముందే కుట్టిన చీరలు దొరుకుతున్నాయి. వాటిలో పమిటను భుజం దగ్గర పిన్నుపెట్టి, చెంగును నడుం దగ్గర దోపుకునేంత పొట్టిగా కోయించుకుంటే సరి. పంజాబీ డ్రెస్సయితే కుర్తా వెనక భాగాన్ని మెత్త దగ్గరికే కోసి, ముందు భాగాన్ని మోకాళ్ల దాకా ఉంచాలి. కూర్చుంటే ఎదుటివారికి నిండు కుర్తాలాగే కనిపిస్తుంది. చున్నీ వద్దనుకుంటే కుర్తా మెడకే ఒక మడత కలిపి కుట్టవచ్చు.

కచ్చా కుట్టు పరీక్ష

గట్టి కుట్టు వేసేముందు మాస్టరు అరగంట పరీక్ష పెట్టారు. కచ్చా కుట్టుతో ప్యాంటు తొడిగించి అరగంట కూర్చోబెట్టారు. ఆ తరువాత లోపలి గదిలో పడుకోబెట్టి తల్లి చూసింది. ఎర్రబారిన చోటును వేలితో నొక్కితే తెల్లబడి మళ్లీ రంగు రావాలి, అరగంటలో మచ్చ పోవాలి. నొక్కినా రంగు మారకపోతే, లేదా పోకపోతే ఆ గుడ్డ ఆ చోట పనికిరాదు. నల్లని ఒంటి మీద ఎరుపు కనిపించదు. చేయి పెట్టి చూస్తే ఆ చోటు వేడిగానో గట్టిగానో తగులుతుంది. మొదటిసారి ఎడమ పిర్ర కింద ఓవర్‌లాక్ దారం గీత పడింది. మాస్టరు ఆ కుట్టు విప్పి, లోపలి అంచులను రెండు వైపులా తెరిచి ఇస్త్రీ చేసి చదును చేశారు. రెండోసారి గీత పడలేదు.

ఎంత మంచి ప్యాంటయినా రోజంతా కదలకుండా కూర్చుంటే పుండును ఆపలేదు. పదిహేను ఇరవై నిమిషాలకోసారి చేతుల మీద ఒళ్లు ఎత్తుకోవడం, రాత్రి, పొద్దున అద్దంతో చూసుకోవడం మానరాదని ఆసుపత్రివారు చెప్పినదే మాస్టరు కూడా చెప్పి పంపారు.

పెళ్లి అయిపోయింది. మాస్టరు కటింగు కాగితాన్ని మడిచి తల్లి చేతికిచ్చారట, కొలతలన్నీ సుద్దతో కాక పెన్నుతో రాసి. దానితో రెండో ప్యాంటు ఊళ్లోనే కుట్టించారు. ఆ దర్జీ అలవాటు కొద్దీ వెనక జేబు ఒకటి పెట్టేశాడు. తల్లి ఆ రాత్రే కూర్చుని విప్పేసింది.