ఆరో వేలు ఎప్పుడు తీయాలి, అతుకు ఎప్పుడు విప్పాలి

కాన్పు గదిలోంచి బిడ్డను తెచ్చి చేతిలో పెట్టగానే మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చేసే మొదటి పని వేళ్ళు లెక్కపెట్టడం. లెక్క ఆరుకు తేలినా, రెండు వేళ్ళు ఒకదానికొకటి అంటుకుపోయి కనిపించినా ఇంట్లో రెండు పక్షాలు తయారవుతాయి. నలుగురి కంటా పడకముందే, బారసాల లోపే తీయించేయమనేది ఒక పక్షం. ఆరో వేలు అదృష్టం, దాని జోలికి పోవద్దనేది రెండోది. సరే, ఆస్పత్రికి వెళ్తే డాక్టరు ఏడాది నిండాక రమ్మంటారు. తెలిసినవాళ్ళ బిడ్డకేమో ఆరో నెల దాటగానే చేసేశారు. ఇంకెవరికో పుట్టిన వారానికే అయిపోయింది. డాక్టర్లలో ఎవరి మాట నమ్మాలో తల్లిదండ్రులకు తోచదు.

నిజానికి ఆ ముగ్గురు డాక్టర్లూ సరిగ్గానే చెప్పి ఉండవచ్చు. ఇక్కడ అందరికీ వర్తించే వయసంటూ లేదు. అది ఏ వేలు, చేతికి ఏ పక్కన ఉంది, లోపల ఎముకా కీలూ ఉన్నాయా, పక్క వేలితో పోలిస్తే పొడవెంత అన్నదాన్ని బట్టి ముహూర్తం మారిపోతుంది.

గర్భం నిలిచిన నాలుగో వారంలో పిండానికి చేతి మొగ్గలు పుడతాయి. ఆరో వారానికి చెయ్యి వేళ్ళు విడివడని తెడ్డులా ఉంటుంది. ఆ తర్వాత రెండు వారాల్లో వేళ్ళ మధ్య ఉన్న కణాలు ఒక పద్ధతి ప్రకారం చనిపోయి సందులు ఏర్పడతాయి. ఎక్కడైనా ఆ పని సగంలో ఆగితే అక్కడ వేళ్ళు అతుక్కునే ఉండిపోతాయి. బొటనవేలు ఎటు, చిటికెన వేలు ఎటు అని చెప్పే జన్యు సంకేతాల్లో తేడా వస్తే వేలు ఒకటి ఎక్కువ మొలుస్తుంది. ఇదంతా రెండో నెల ముగిసేలోపే అయిపోతుంది. కాబట్టి ఏడో నెలలో పట్టిన గ్రహణం మీదా, ఆ పూట కూరగాయలు తరిగిన కోడలి మీదా నింద వేయడం అన్యాయం.

పుట్టిన కొద్ది రోజుల్లోనే తీసేసేది ఒక్క రకమే: చిటికెన వేలి పక్కన సన్నని కాడకు వేలాడే చిన్న కండముక్క. దానికి గోరు కూడా ఉండవచ్చు గానీ లోపల ఎముక ఉండదు, కదలదు. చాలాచోట్ల దాని మొదట్లో దారం బిగించి కట్టేస్తారు. రక్తం అందక నల్లబడి, కొద్ది రోజుల్లో రాలిపోతుంది. చూడటానికి తేలికైన పనే. అయితే ఆ కాడ ఎంత సన్నగా ఉన్నా దానిలో ఒక రక్తనాళం, ఒక నరం ఉంటాయి. దారం కాస్త పైకి పడితే అడుగున బొడిపె మిగిలిపోతుంది. తెగిన నరం కొస మచ్చలో ఇరుక్కుంటే అక్కడో చిన్న గడ్డ కట్టి, పెద్దయ్యాక రాసేటప్పుడు చెయ్యి బల్లకు తగిలినప్పుడల్లా జివ్వుమంటుంది. అందుకే చాలామంది సర్జన్లు మొదటి వారాల్లోనే అక్కడికక్కడ మత్తు సూది వేసి, నరాన్ని లోతుగా కత్తిరించి, ఒకటి రెండు కుట్లు వేయడానికే ఇష్టపడతారు. దారమే కట్టినా అది ఆస్పత్రిలో జరగాలి. ఇంట్లో అమ్మమ్మ తలవెంట్రుకతో కట్టకూడదు. మొదలు వెడల్పుగా ఉండి, నొక్కితే లోపల గట్టిగా తగిలితే అక్కడ ఎముక ఉన్నట్టే. అలాంటి వేలికి దారం మాట ఎత్తనే కూడదు, ఏడాది వరకూ ఆగాలి.

బొటనవేలు రెండుగా ఉన్నప్పుడు సంగతి పూర్తిగా వేరు. మన దేశంలోనూ ఆసియాలో మిగతాచోట్లా ఇది తరచుగా కనిపిస్తుంది. పేరుకు ఎక్కువ వేలే గానీ, అసలు జరిగింది ఒక బొటనవేలు రెండుగా చీలడం. ఎముకలు, కండరాలు, స్నాయువులు రెండింటికీ పంపకమైపోయి ఉంటాయి. ఏదీ పూర్తి వేలు కాదు. ఎక్కువమందిలో చీలిక బొటనవేలి మొదటి కీలు దగ్గర ఉంటుంది. సాధారణంగా చూపుడు వేలి వైపున్న బొటనవేలు పెద్దది, దాన్ని ఉంచి బయటిదాన్ని తీస్తారు. తీసేటప్పుడు దాన్ని కత్తిరించి పారేస్తే సరిపోదు. అరచేతికి ఎదురుగా బొటనవేలిని తిప్పే కండరం చాలాసార్లు ఆ తీసేసే వేలికే అంటుకుని ఉంటుంది. దాన్ని జాగ్రత్తగా ఊడదీసి, ఉంచిన వేలికి కుట్టాలి. కీలుకు బయటి పక్క కట్టుగా ఉండే లిగమెంటును కూడా తిరిగి నిర్మించాలి. రెండు వేళ్ళను మోయడానికి వెడల్పైన ఎముక తలను చెక్కి సన్నం చేయాలి. ఇవేవీ చేయకుండా వదిలేస్తే ఉన్న వేలు పెరిగేకొద్దీ ఒక కీలు దగ్గర ఇటు, మరో కీలు దగ్గర అటు వంగి వంకరటింకరగా తయారవుతుంది. సీసా మూత తిప్పబోతే పక్కకు వాలిపోతుంది.

ఈ పనికి సరైన కాలం దాదాపు తొమ్మిది నెలల నుంచి ఏడాదిన్నర దాకా. అంతకు ముందైతే ఆ కీళ్ళు మరీ చిన్నవి, పైగా చాలా భాగం మృదులాస్థి. మృదులాస్థి ఎక్స్‌రేలో కనబడదు. మూడు నెలల బిడ్డ ఎక్స్‌రేలో రెండు ఎముకల మధ్య ఖాళీగా కనిపించిన చోట నిజానికి అవి మృదులాస్థితో కలిసి ఉండవచ్చు. మరీ ఆలస్యం చేయకపోవడానికీ కారణం ఉంది. తొమ్మిదో నెల ప్రాంతంలో బిడ్డ నేలమీద పడ్డ మెతుకును బొటనవేలు, చూపుడు వేలు కొసలతో ఏరుకోవడం మొదలుపెడుతుంది. ఆ పట్టు సరిచేసిన వేలితోనే అలవాటు కావడం మేలు.

ఇక అతుక్కున్న వేళ్ళు. సుమారు రెండు వేల నుంచి రెండున్నర వేల కాన్పులకు ఒకరిలో కనిపిస్తుంది. ఎక్కువగా మధ్య వేలు, ఉంగరపు వేలు కలిసి ఉంటాయి. చర్మం మాత్రమే కలిస్తే పని కాస్త సులువు. కొసల్లో ఎముకా గోరూ కూడా కలిస్తే కష్టం. ఇక్కడ సమయాన్ని నిర్ణయించేది వేళ్ళ పొడవు. మధ్య వేలు, ఉంగరపు వేలు దాదాపు సమానం. కణుపులు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి కలిసి వంగుతాయి, కలిసి పెరుగుతాయి. వీటికి ఏడాది, ఏడాదిన్నర దాకా ఆగినా నష్టం లేదు. బొటనవేలికి చూపుడు వేలు గానీ, ఉంగరపు వేలికి చిటికెన వేలు గానీ అతుక్కుంటే అలా కుదరదు. చిటికెన వేలి కొస ఉంగరపు వేలి చివరి కణుపు దాకానే వస్తుంది. పొట్టి వేలు పొడుగు వేలిని కిందికి లాగి పట్టుకుంటుంది, అది నెలనెలా పెరుగుతూ పక్కకీ లోపలికీ వంగుతుంది. ఆ వంకర కీలులో స్థిరపడితే తర్వాత విడదీసినా తిన్నగా కాదు. అందుకే వీటిని ఆరు నెలల నుంచి ఏడాది లోపు విప్పుతారు.

అలాగైతే అన్నిటినీ ఆరో నెలలోనే చేయకూడదా అని అడగవచ్చు. మరీ చిన్నతనంలో విడదీసిన వేళ్ళ సందు, చెయ్యి పెరిగేకొద్దీ మచ్చ వెంట మళ్ళీ పైకి పాకడం ఎక్కువ. పైగా మొదటి నెలల్లో మత్తు ప్రమాదం కూడా ఎక్కువే. వంకర తిరిగే భయం ఉన్నప్పుడే తొందరపడాలి.

విడదీయడమంటే మధ్యలో గీత గీసి కోయడం కాదు. ఒక చిన్న లెక్క చూడండి. ఒక్కో వేలు అడ్డంగా 1 సెంటీమీటరు ఉందనుకుందాం. విడిగా ఉన్న ఒక వేలు చుట్టుకొలత 3.14, రెండింటికీ కలిపి 6.28 సెంటీమీటర్ల చర్మం కావాలి. అతుక్కుని ఉన్నప్పుడు రెండింటినీ చుట్టి ఉన్న చర్మం 5.14 సెంటీమీటర్లే. అంటే ఉన్నదానికి అయిదో వంతుకు పైగా చర్మం తక్కువ పడుతుంది. లాగి కుట్టేస్తే వేళ్ళకు రక్తం ఆడదు, తర్వాత మచ్చ బిగిసి వేలు ముడుచుకుపోతుంది. అందుకని సర్జన్ తిన్నగా కాకుండా మెలికలు మెలికలుగా కోస్తారు. తిన్నటి మచ్చ పొడవునా బిగిసి వేలిని వంచుతుంది, మెలికల మచ్చ అలా లాగదు. సందు అడుగున చేతి వెనక భాగం నుంచి తెచ్చిన మెత్తని చర్మం పరుస్తారు. మిగిలిన ఖాళీలకు గజ్జ దగ్గర నుంచి పూర్తి మందం చర్మాన్ని తీసి అతికిస్తారు. గజ్జలోనూ బయటి వైపు నుంచే తీయాలి. లోపలి వైపు నుంచి తీస్తే, పదమూడు పద్నాలుగేళ్ళకు వేళ్ళ సందుల్లో వెంట్రుకలు మొలుస్తాయి.

ఇప్పుడు ఒక చేతిలో మధ్య, ఉంగరపు, చిటికెన వేళ్ళు మూడూ వరసగా అతుక్కున్న బిడ్డ సంగతి చూద్దాం. రెండు సందులూ ఒకేసారి చేయమని తల్లిదండ్రులు బతిమాలతారు, రెండుసార్లు మత్తు ఎందుకని. చేయకూడదు. ప్రతి వేలికీ రెండు పక్కలా ఒక్కో రక్తనాళం ఉంటుంది. అతుక్కున్న చోట ఆ నాళం వేళ్ళ మొదట్లో కాకుండా ఇంకా పైకి వెళ్ళి చీలవచ్చు. అప్పుడు సందు లోతు చేయడానికి ఒక కొమ్మను కట్టేయాల్సి వస్తుంది. ఉంగరపు వేలికి రెండు పక్కలా ఒకే రోజు కోస్తే, రెండు నాళాలూ పోయి వేలే నల్లబడే ప్రమాదం ఉంది. కాబట్టి ఈ బిడ్డకు ఎనిమిదో నెలలో ముందు ఉంగరపు, చిటికెన వేళ్ళు విడదీస్తారు, వంకర తిరిగేవి అవే కనుక. ఏ నాళాన్ని కట్టారో, ఏది ఉంచారో సర్జన్ కాగితం మీద రాసిపెడతారు. ఆ కాగితం పోగొట్టుకోకండి, రెండోసారి మరో ఊళ్ళో చేయిస్తే అదే ఆధారం. తర్వాత కనీసం మూడు నెలలు, వీలైతే ఆరు నెలలు ఆగి, పద్నాలుగో నెల దాటాక మధ్య, ఉంగరపు వేళ్ళ సంగతి చూస్తారు. రెండు చేతులకూ ఒక్కో సందు ఉంటే మాత్రం ఒకే మత్తులో రెండు చేతులూ చేయవచ్చు. ఏడాది బిడ్డ రెండు చేతులకూ కట్లు ఉన్నా ఎలాగో సర్దుకుంటుంది. మూడేళ్ళవాడు ఇల్లు పీకి పందిరేస్తాడు.

కట్టు మోచేయి పైదాకా వేస్తారు, రెండు మూడు వారాలు ఉంచుతారు. అంతకన్నా కిందికి వేస్తే బిడ్డ లాగేసుకుంటుంది, అతికించిన చర్మం ఊడిపోతుంది. వేలి కొసలు కనబడుతుంటే వాటి రంగు చూస్తూ ఉండాలి. పాలిపోయినా, నీలమైనా, చీము వాసన వచ్చినా గడువు కోసం ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళాలి. ఆపరేషన్ నాటికి జలుబు, దగ్గు, జ్వరం ఉంటే మత్తు డాక్టరు వెనక్కి పంపేస్తారు. రెండు మూడు వారాలు ఆలస్యమైనందుకు వేలికి ఏమీ కాదు.

తేదీ ఖరారు చేసేముందు పిల్లల డాక్టరు బిడ్డను ఆపాదమస్తకం చూడాలి. చిటికెన వేలి వైపు ఆరో వేలుతో పాటు కాళ్ళూ చేతులూ పొట్టిగా ఉంటే గుండె పరీక్ష అవసరం. మేనరికపు పెళ్ళిళ్ళలో ఇలాంటి జబ్బులకు అవకాశం ఎక్కువ. చేతివేళ్ళన్నీ కలిసిపోయి, తల ఆకారం కూడా వేరుగా ఉంటే పుర్రె ఎముకల సంగతి ముందు తేలాలి. ఒక పక్క ఛాతీ కండరం లేకుండా అదే పక్క వేళ్ళు పొట్టిగా అతుక్కుని ఉండటం మరో కథ. చాలామంది బిడ్డల్లో ఇవేవీ ఉండవు, తండ్రికో మేనత్తకో అలాగే ఉండి ఉంటుంది.

కాలికి అంత హడావుడి లేదు. బొటనవేలి పక్కనున్న రెండు వేళ్ళు అతుక్కుని ఉంటే నడకకూ పరుగుకూ ఏ అడ్డూ లేదు, వదిలేయడమే మంచిది. విడదీస్తే మచ్చలు తప్ప లాభం లేదు. కాలికి ఆరో వేలుంటే చెప్పులు, బూట్లు పట్టవు గనుక ఏడాది ప్రాంతంలో తీస్తారు.

చేతి సందులను మాత్రం పెరుగుదల ఆగేదాకా ఏటా ఒకసారి చూపించాలి. ఇంట్లోనే గమనించే మార్గం ఉంది. చెయ్యి బల్లమీద పరిచి, విప్పిన సందును పక్కనున్న మామూలు సందుతో పోల్చి చూడండి. అది కొంచెం కొంచెం కణుపు వైపు ఎగబాకుతుంటే, వేళ్ళు బాగా చాపినప్పుడు చర్మం తీగలా నిక్కుతుంటే, అది మచ్చ పెరుగుదలకు లొంగకపోవడం. కొందరికి అప్పుడు మరో చిన్న ఆపరేషన్ కావాలి. ఆ సంగతి మొదటి ఆపరేషన్ రోజునే డాక్టరు చేత చెప్పించుకోవాలి. లేకపోతే ఆరేళ్ళ తర్వాత మొదటి సర్జన్ తప్పు చేశాడని తిట్టుకుంటారు.