కొత్తగా మేనేజర్ అయ్యారా? రివ్యూలో ఏం చూపించాలి

నేపర్‌విల్, లైల్, అరోరా చుట్టుపక్కల పనిచేసే మనవాళ్లలో చాలామందికి ఎదురయ్యే ప్రశ్న ఒకటి ఈ ఎపిసోడ్‌లో మాట్లాడుకున్నాం. ఏడెనిమిదేళ్లు కోడ్ రాశారు, మంచి పేరు తెచ్చుకున్నారు, జనవరిలో ఒక టీమ్‌ని చేతికిచ్చారు. జులైలో రివ్యూ. అందులో "లీడర్‌గా మీరు ఎంత ఎదిగారు" అని ఒక గడి ఉంటుంది. అందులో ఏం రాయాలి? మాటల్లో తొందరగా దాటేసినవి ఇక్కడ కాస్త విడమరచి రాస్తున్నాం. వీసా మీద ఉన్నవాళ్లు ప్రమోషన్‌కి సరే అనేముందు చూసుకోవాల్సింది చివర్లో ఉంది, అది మాత్రం వదలకండి.

మంచి ఇంజనీరు రాసే రివ్యూ

ఒక ఉదాహరణ అనుకుందాం. ఇన్సూరెన్స్ చెల్లింపుల సిస్టమ్ చూసే టీమ్. మేనేజర్ కింద ఆరుగురు: ఇద్దరు నేపర్‌విల్‌లో, నలుగురు హైదరాబాద్‌లో. ఆమె మొన్నటిదాకా అదే టీమ్‌లో సీనియర్ ఇంజనీర్. రివ్యూకి ఆమె మొదట ఇలా రాసుకుంది: "ఆరు నెలల్లో పద్నాలుగు ప్రొడక్షన్ సమస్యలు పరిష్కరించాను. రాత్రి నడిచే బ్యాచ్‌ని తిరగరాశాను. కోడ్ రివ్యూలన్నీ నేనే చూశాను."

ఇందులో ఒక్క అబద్ధం లేదు. కానీ పైవాళ్లు చదివితే వాళ్లకి కనిపించేది చాలా మంచి సీనియర్ ఇంజనీరు, మేనేజర్ కాదు. పైగా ఆ మూడో వాక్యం ఆమెకే ఎదురు తిరుగుతుంది. ఆరుగురి కోడూ ఒక్కరే చూస్తున్నారంటే, ఆమె సెలవు పెట్టిన రోజు పని ఆగుతుందని ఒప్పుకున్నట్టే కదా.

కొంతమంది దీనికి భయపడి రెండో వైపు వెళ్తారు. "మేము చేశాం, మా టీమ్ సాధించింది" అని అంతా బహువచనంలో రాస్తారు. మన అలవాటు ప్రకారం అది వినయమే. కానీ అది చదివినవాళ్లకి అందులో మేనేజర్ ఏం చేశారో దొరకదు.

ఇదే ఊళ్లో జరిగిన పని

1980లలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీకి చెందిన రాబర్ట్ కెల్లీ, జానెట్ కాప్లన్‌తో కలిసి బెల్ ల్యాబ్స్‌లో టెలిఫోన్ స్విచ్‌లు తయారుచేసే విభాగం ఇంజనీర్లని పరిశీలించారు. ఆ కాలపు పెద్ద స్విచ్ 5ఈఎస్ఎస్ మీద పని ప్రధానంగా జరిగింది మన నేపర్‌విల్‌లోని ఇండియన్ హిల్‌లోనే. ఫలితాలు 1993లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో వచ్చాయి.

అందరికంటే బాగా పనిచేసేవాళ్లకీ మామూలువాళ్లకీ తేడా తెలివితేటల్లో లేదని, పని చేసే పద్ధతిలో ఉందని వాళ్లకి తేలింది. ఆ పద్ధతుల్ని వరుసలో పెట్టమంటే బాగా చేసేవాళ్లు తమ బాధ్యత దాటి చొరవ తీసుకోవడాన్ని ముందు పెట్టారు. పైవాళ్లకి బాగా చూపించుకోవడాన్ని, ఆఫీసు రాజకీయాలు తెలియడాన్ని చివర పెట్టారు. మామూలువాళ్లు సరిగ్గా తలకిందులుగా పెట్టారు.

మనకి పనికొచ్చే విషయం ఇది: ముందు పనిచేసే పద్ధతి మారాలి, చూపించడం ఆ తర్వాత. మార్పు లేకుండా రివ్యూలో మాటలు మారిస్తే ఆ తేడా ఇట్టే దొరికిపోతుంది. మేనేజర్ విషయంలో ఆ మార్పు అంటే ఒకటే: మీ దగ్గర ఆగిపోయే నిర్ణయాలు వేరేవాళ్ల చేతుల్లోకి వెళ్లి, అక్కడ సవ్యంగా జరగడం.

మొదటి లెక్క ముందే రాసి పెట్టుకోవాలి

ఎదుగుదల చూపించాలంటే మొదట ఎక్కడున్నారో తెలియాలి. చాలామంది ఇక్కడే నష్టపోతారు. జులైలో కూర్చుని జనవరి ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవాలని చూస్తారు.

మన ఉదాహరణలో ఆమె మార్చిలో ఒక్క కాగితం రాసుకుంది. ఆ నెల వచ్చిన ప్రొడక్షన్ కాల్స్ 20. అందులో 15 చివరికి ఆమె దగ్గరికే వచ్చాయి. సిస్టమ్ మళ్లీ నడవడానికి సగటున 40 నిమిషాలు పట్టింది. దాని కిందే, టీమ్‌లో తను తప్ప ఎవరూ తీసుకోలేని నిర్ణయాల జాబితా: రిలీజ్‌కి సరే అనడం, చెల్లింపుల ఫైలు మళ్లీ పంపించడం, డేటాబేస్‌లో దిద్దుబాటు, ఇలాంటివి.

ఆ జాబితా ఎందుకంటే, హైదరాబాద్‌లో ఉదయం పది గంటలకి ఒక అబ్బాయికి సందేహం వస్తే ఎండాకాలంలో ఇక్కడ రాత్రి పదకొండున్నర. ఆమె నిద్రపోయి ఉంటుంది. ఉదయం ఏడున్నరకి లేచి జవాబిచ్చేసరికి అక్కడ సాయంత్రం ఆరు. ఒక చిన్న "సరే" కోసం ఒక పూట పని పోయింది. ఆ ఒక్క నిర్ణయం అతనికే అప్పగిస్తే ఆ పూట మిగులుతుంది.

ఎంతవరకు అప్పగించారో మాటల్లో చెప్పాలి

"నువ్వు చూసుకో" అంటే సరిపోదు. దానికి ముగ్గురు మూడు అర్థాలు తీసుకుంటారు. ఆమె మూడు మెట్లు పెట్టుకుంది. ఒకటి: చూసి నాకు చెప్పు, నిర్ణయం నాది. రెండు: నిర్ణయం నువ్వే తీసుకో, చేసేముందు ఒక మాట చెప్పు. మూడు: చేసెయ్, తర్వాత చెప్పు. జాబితాలోని ప్రతి పనికీ ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో రాసి, ఆ కాగితం టీమ్ అందరికీ కనిపించేలా పెట్టింది. ఫైలు మళ్లీ పంపించడం ఏప్రిల్‌లో రెండో మెట్టు, జూన్‌కి మూడో మెట్టు. డేటాబేస్ దిద్దుబాటు మాత్రం రెండు దాటలేదు, తప్పు జరిగితే డబ్బు వేరే ఖాతాలోకి వెళ్తుంది కాబట్టి.

మనవాళ్లతో ఇంకో ఇబ్బంది ఉంది. ఫోన్‌లో "అలాగే అక్కా" అంటే విన్నాను అని అర్థం, ఒప్పుకున్నాననో అర్థమైందనో కాదు. "అర్థమైందా?" అని అడిగితే మళ్లీ "అర్థమైంది అక్కా" అనే వస్తుంది. దాని బదులు "రాత్రి ఫైలు సగంలో ఆగిపోతే మొదట ఏం చేస్తావు?" అని అడగండి. ఆ జవాబులోనే ఏ మెట్టుకి సిద్ధంగా ఉన్నారో తెలిసిపోతుంది.

అంకె తగ్గితే చాలదు

ఏప్రిల్‌లో పరిస్థితి ముందు చెడింది. సగటు సమయం 40 నుంచి 70 నిమిషాలకి పెరిగింది. కొత్తవాళ్లు చేస్తున్నారు కాబట్టి అది సహజమే. కానీ ఈ నెలలోనే చాలామంది కొత్త మేనేజర్లు "నాకివ్వు, నేను చేసేస్తా" అని మళ్లీ కీబోర్డ్ లాక్కుంటారు. ఆమె అలా చేయకుండా తన డైరెక్టర్‌కి ముందే చెప్పింది: రెండు నెలలు ఈ అంకె పెరుగుతుంది, 90 నిమిషాలు దాటితే నేను దిగుతాను. అలా ముందే చెప్పబట్టి ఆ 70 ఒక ప్రణాళికలో భాగమైంది. చెప్పకపోతే అదే ఫిర్యాదు అయ్యేది.

మే నెలలో 19 కాల్స్ వస్తే ఆమె దగ్గరికి 7 వచ్చాయి. అంకె చూస్తే బ్రహ్మాండం. కానీ మిగతా 12 ఎవరు చూశారో చూస్తే, 9 ఒక్క అబ్బాయే చూశాడు. అంటే టీమ్ ఎదగలేదు. ఇరుకు దారి ఆమె దగ్గర్నుంచి అతని దగ్గరికి జరిగింది, అంతే. ఇలాగే ఇంకో కొన్నాళ్లు నడిస్తే అతను అలసిపోయి మానేస్తాడు. అందుకని వంతులు వేసి, అతని పక్కన మరో ఇద్దర్ని కూర్చోబెట్టింది. జూన్‌లో 18 కాల్స్‌లో ఆమెకి 6, మిగతా 12 ముగ్గురి మధ్య 5, 4, 3. సమయం 45 నిమిషాలు.

ఇంకో పరీక్ష కూడా చేసుకోవాలి. కాల్స్ తగ్గడం కొన్నిసార్లు భయం వల్ల కూడా జరుగుతుంది, సమస్యని మీకు చెప్పకుండా దాచేస్తారు. అలాంటప్పుడు మీకు తెలియని విషయాలు వాడుకరుల నుంచో పక్క టీమ్ నుంచో వినబడడం మొదలవుతుంది. అది కనిపిస్తే అంకెని నమ్మకండి.

ఇక రాయడం

ఇప్పుడు ఆ గడిలో ఆమె ఇలా రాసింది:

"మార్చిలో 20 ప్రొడక్షన్ కాల్స్‌లో 15 నా దగ్గరికే వచ్చేవి. ఏ నిర్ణయం ఎవరు తీసుకోవచ్చో రాసి టీమ్‌కి అప్పగించాను. మేలో భారం ఒక్కరి మీదే పడుతోందని గమనించి వంతులు మార్చాను. జూన్‌లో 18లో 6 మాత్రమే నా దాకా వచ్చాయి, హైదరాబాద్‌లో ముగ్గురు స్వయంగా చూస్తున్నారు. సమయం ఇంకా మార్చి కంటే 5 నిమిషాలు ఎక్కువే. డేటాబేస్ దిద్దుబాటు ఇంకా నా మీదే ఆధారపడి ఉంది, వచ్చే ఆరు నెలల పని అది."

ముందు ఎలా ఉంది, నేను ఏం మార్చాను, ఇప్పుడు ఎవరు ఏం చేయగలుగుతున్నారు, ఏం మిగిలింది. "నేను" తను చేసిన మార్పు దగ్గరే ఉంది, ఫలితం టీమ్ దగ్గర ఉంది. మిగిలిపోయిన 5 నిమిషాలు దాచకపోవడం వల్లే పై అంకెలు నమ్మబుద్ధి అవుతాయి. అసలు ఆ అబ్బాయిల పేర్లు కూడా రాయండి. రేపు వాళ్ల ప్రమోషన్ మాట వచ్చినప్పుడు మీ రివ్యూనే సాక్ష్యం అవుతుంది.

వీసా మీద ఉంటే

మీ హెచ్-1బి పిటిషన్‌లో మీ ఉద్యోగం ఒక కోడ్ కింద ఉంటుంది. సాఫ్ట్‌వేర్ డెవలపర్లది 15-1252, కంప్యూటర్ అండ్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ మేనేజర్లది 11-3021. పేరు పక్కన "మేనేజర్" అని చేరినంత మాత్రాన ఏమీ కాదు. కానీ చేసే పనే గణనీయంగా మారితే, కంపెనీ ఆ మార్పు కంటే ముందే సవరించిన పిటిషన్ వేయాల్సి రావచ్చు. కోడ్ మారితే ఇవ్వాల్సిన కనీస జీతం కూడా మారుతుంది.

గ్రీన్ కార్డ్ విషయం ఏ దశలో ఉన్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. పెర్మ్ ఇంకా నడుస్తుంటే, అది పాత ఉద్యోగం వివరాలతో వేసినది కాబట్టి మళ్లీ మొదలుపెట్టాల్సి రావచ్చు. ఐ-140 ఆమోదం అయ్యాక మళ్లీ పెర్మ్ వేసినా మామూలుగా పాత ప్రయారిటీ తేదీ నిలుస్తుంది. ఐ-485 వేసి 180 రోజులు దాటితే "అదే లేదా అలాంటిదే" అయిన ఉద్యోగానికి మారొచ్చు. అదే రకం పని చేసేవాళ్లని నడిపించే మేనేజర్ పదవి కూడా అందులోకి రావచ్చని యూఎస్‌సీఐఎస్ 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది.

అందుకే ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టే ముందు హెచ్ఆర్‌ని మూడు ప్రశ్నలు మెయిల్‌లో అడగండి: నా కోడ్ మారుతుందా? సవరణ పిటిషన్ కావాలా, అయితే ఎప్పటికి? నా పెర్మ్ ఏమవుతుంది? కంపెనీ లాయరు జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. కంపెనీ లాయరు ముందుగా కంపెనీ పక్షం చూస్తారు కాబట్టి, గ్రీన్ కార్డ్ వరుసలో చాలా ఏళ్లుగా ఉన్నవాళ్లు సొంత లాయరుతో ఒక గంట మాట్లాడుకుంటే మంచిది.

రివ్యూకీ దీనికీ ఒక లింకు ఉంది. "ఇప్పుడు నేను కోడ్ ముట్టుకోవట్లేదు, పూర్తిగా మేనేజర్‌నే" అని రివ్యూలో రాసి, పిటిషన్‌లో మాత్రం రోజంతా కోడ్ రాసే డెవలపర్‌గా ఉంటే, ఆ రెండు కాగితాలూ ఒకదానికొకటి పొసగవు. మీ సమయంలో ఎంత శాతం దేనికి పోతోందో మార్చి కాగితంలోనే ఒక వరుస రాసుకోండి. రివ్యూకీ అదే, లాయరుకీ అదే.